పలుచోట్ల ఎముకల నొప్పితో వచ్చిన మధ్యవయస్కుడిలో మల్టిపుల్ మైలోమా: ఒక కేసు నివేదిక

సారాంశం

ఏడు నెలలుగా నడుము, పక్కటెముకలు, కుడి భుజం నొప్పులతో బాధపడుతూ, వెన్నుపూసల అరుగుదలగా భావించి చికిత్స పొందిన 54 ఏళ్ల పురుషుడిలో ఐజీజీ కప్పా రకపు మల్టిపుల్ మైలోమా నిర్ధారణ అయింది. వ్యాధిని సూచించే ఆధారం అయిదు నెలల ముందటి రక్తపరీక్షలోనే ఉన్నా, అది ఎవరి దృష్టికీ రాలేదు.

కేసు వివరాలు

రోగికి అంతకుముందు మధుమేహం, రక్తపోటు, క్యాన్సర్ వంటివేవీ లేవు. బరువు ఎత్తినప్పుడు మొదలైన నడుము నొప్పి రెండు నెలల్లో పక్కటెముకలకు, ఆ తరువాత కుడి భుజానికి పాకింది. దగ్గినా, పక్కమీద ఒత్తిగిలినా నొప్పి ఎక్కువయ్యేది. కదలకుండా పడుకుంటే చాలావరకు తగ్గేది. ఈ కాలమంతా ఆయన డైక్లోఫెనాక్ మాత్రలను దాదాపు రోజూ వాడారు. ఆరు కిలోల బరువు తగ్గారు. మెట్లెక్కితే ఆయాసం, మలబద్ధకం, అతిదాహం చివరి నెలలో తోడయ్యాయి. ఈ మూడింటినీ ఆయన తనంతట తానుగా చెప్పలేదు, మేము అడిగితేనే చెప్పారు.

పరీక్షించినప్పుడు పాలిపోయి ఉన్నారు. నొప్పి ఎక్కడని అడిగితే అరచేత్తో కాకుండా ఒక్క వేలితో ఎడమవైపు ఎనిమిదో పక్కటెముకను, నడుము పైభాగంలో వెన్నుపూసను చూపించారు. ఆ రెండు చోట్లా తట్టగానే ఉలిక్కిపడ్డారు. కాళ్లలో బలహీనత గాని, స్పర్శలోపం గాని, మూత్ర నియంత్రణలో తేడా గాని లేవు. కాలేయం, ప్లీహం, లసికా గ్రంథులు చేతికి తగలలేదు.

హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 8.6 గ్రాములు, ఈఎస్ఆర్ మొదటి గంటలో 126 మిల్లీమీటర్లు, క్రియాటినిన్ 2.3 మిల్లీగ్రాములు. కాల్షియం 11.2 మిల్లీగ్రాములు ఉండగా, ఆల్బుమిన్ 2.9 గ్రాములే కావడంతో సవరించిన విలువ సుమారు 12.1కి చేరింది. మొత్తం ప్రోటీన్ 10.4 గ్రాములు, అంటే గ్లోబ్యులిన్ 7.5 గ్రాములు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలుగానే ఉంది. రక్తపు స్మియర్‌లో ఎర్రకణాలు నాణేలను దొంతరగా పేర్చినట్టు ఒకదానిపై ఒకటి అతుక్కుని కనిపించాయి. డిప్‌స్టిక్‌పై మూత్రంలో ప్రోటీన్ జాడమాత్రంగానే కనిపించినా, 24 గంటల మూత్రంలో 2.1 గ్రాములు తేలింది. డిప్‌స్టిక్ ప్రధానంగా ఆల్బుమిన్‌నే గుర్తిస్తుంది కనుక, ఈ తేడాయే తేలిక గొలుసు ప్రోటీన్ల మీద అనుమానం కలిగించింది.

సీరం ఎలక్ట్రోఫోరిసిస్‌లో గామా ప్రాంతంలో 4.8 గ్రాముల ఎం-ప్రోటీన్ శిఖరం కనిపించగా, ఇమ్యునోఫిక్సేషన్ దానిని ఐజీజీ కప్పాగా తేల్చింది. స్వేచ్ఛా తేలిక గొలుసుల నిష్పత్తి 80. ఎముక మజ్జలో 42 శాతం ప్లాస్మా కణాలు ఉన్నాయి. తక్కువ మోతాదు సీటీలో కపాలం, పక్కటెముకలు, కుడి భుజాస్థి, కటిభాగంలో ఎముక కరిగిన మచ్చలు, ఎంఆర్‌ఐలో 12వ వక్ష వెన్నుపూస కుంగుబాటు కనిపించాయి. వెన్నుపాముపై ఒత్తిడి లేదు. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ లీటరుకు 6.1 మిల్లీగ్రాములు కావడంతో ఐఎస్ఎస్ మూడో దశగా, ఎల్‌డీహెచ్ మామూలుగా ఉండి ఫిష్ పరీక్షలో ప్రమాదకర జన్యుమార్పులు లేకపోవడంతో సవరించిన ఐఎస్ఎస్ ప్రకారం రెండో దశగా నిర్ణయించాం.

డైక్లోఫెనాక్ వెంటనే ఆపించి, సిరల ద్వారా ద్రవాలు ఎక్కించాం. క్రియాటినిన్ 1.7కి దిగాక, దంతపరీక్ష ముగించి, మూత్రపిండాల పనితీరుకు తగ్గించిన మోతాదులో జోలెడ్రోనిక్ ఆమ్లం ఇచ్చాం. బోర్టెజోమిబ్, సైక్లోఫాస్ఫమైడ్, డెక్సామెథాసోన్‌లతో చికిత్స మొదలుపెట్టి, మూత్రపిండాలు కోలుకున్నాక సైక్లోఫాస్ఫమైడ్ స్థానంలో లెనాలిడోమైడ్ చేర్చాం. హెర్పిస్ జోస్టర్ రాకుండా ఎసైక్లోవిర్, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ జతచేశాం. నాలుగు విడతల తరువాత ఎం-ప్రోటీన్ 0.4 గ్రాములకు, క్రియాటినిన్ 1.2కి తగ్గాయి. ఇప్పుడు నొప్పిమాత్ర లేకుండా నిద్రపోతున్నారు. స్వీయ మూలకణ మార్పిడికి సన్నాహాలు జరుగుతున్నాయి.

చర్చ

మజ్జలో 10 శాతం లేదా అంతకుమించి క్లోనల్ ప్లాస్మా కణాలు, వాటితోపాటు కాల్షియం పెరుగుదల, మూత్రపిండాల దెబ్బ, రక్తహీనత, ఎముకల నష్టంలో ఏ ఒక్కటి ఉన్నా అంతర్జాతీయ మైలోమా వర్కింగ్ గ్రూప్ 2014 ప్రమాణాల ప్రకారం చికిత్స అవసరమైన మైలోమాగా పరిగణిస్తారు. ఈ రోగిలో నాలుగూ ఉన్నాయి.

మమ్మల్ని ఎక్కువగా బాధించినది ఆయన వెంట తెచ్చుకున్న పాత కాగితం. అందులో హిమోగ్లోబిన్ 10.9, ఈఎస్ఆర్ 84, క్రియాటినిన్ 1.1, మొత్తం ప్రోటీన్ 9.1, ఆల్బుమిన్ 3.4 అని ఉంది. గ్లోబ్యులిన్‌ను విడిగా అచ్చువేయలేదు. తీసివేసి చూస్తే 5.7 వస్తుంది. ఆనాడే ఎలక్ట్రోఫోరిసిస్ చేయించి ఉంటే, మూత్రపిండాలు దెబ్బతినకముందే, డైక్లోఫెనాక్ కొనసాగకముందే వ్యాధి బయటపడేదని మా అభిప్రాయం. తేలిక గొలుసులు మూత్రనాళికలను అప్పటికే పూడుస్తున్న రోగికి స్టిరాయిడేతర నొప్పిమందులు చేసే హాని రెట్టింపవుతుంది.

రెండో పొరపాటు ఐసోటోప్ బోన్ స్కాన్ వల్ల జరిగింది. మా వద్దకు రాక రెండు నెలల ముందు తీసిన ఆ స్కాన్ మామూలుగా రావడంతో, ఎముకల్లో క్యాన్సర్ లేదని రోగికి ధైర్యం చెప్పారు. కొత్త ఎముక ఏర్పడే చోటే టెక్నీషియం చేరుతుంది. మైలోమాలో ఎముకను తినే కణాలు చెలరేగి, కట్టే కణాలు అణగిపోతాయి కనుక మచ్చలు స్కాన్‌లో కనిపించకపోవచ్చు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగకపోవడానికీ ఇదే కారణం. అందువల్ల ఈ రెండూ మామూలుగా ఉండటాన్ని మైలోమా లేదనడానికి ఆధారంగా తీసుకోరాదు.

సమ్మతి

పేరు, గుర్తింపు వివరాలు లేకుండా ఈ నివేదికను ప్రచురించేందుకు రోగి రాతపూర్వకంగా అంగీకరించారు.