జిమ్‌కి కొత్తా? సెట్, రెప్, రెస్ట్ అంటే ఇదీ

హాస్టల్ జిమ్‌లో మొదటి నెల చేయాల్సినవి. ఫస్టియర్, సెకండియర్ తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ జిమ్ చూసుకునే సీనియర్లు రాసింది. పీడీ సార్ చదివి సరిచేశారు.

జిమ్ గోడ మీద బోర్డు చూసే ఉంటారు. "స్క్వాట్ 3×10, 2 ని." అని సుద్దముక్కతో రాసి ఉంటుంది. పోయిన ఆగస్టులో ఒక తమ్ముడు అది చూసి ముప్పై స్క్వాట్లు ఏకబిగిన తీసేశాడు. మూడు పదులు ముప్పై కదన్నా అన్నాడు. లెక్క కరెక్టే. మర్నాడు మాత్రం మూడో అంతస్తు నుంచి మెస్‌కి రెయిలింగ్ పట్టుకుని మెట్టుమెట్టుకీ ఆగుతూ దిగాడు. ఈ కాగితం అప్పుడే రాసి ఉండాల్సింది.

రెప్ అంటే

బళ్లో గుంజీలు తీసినవాళ్లకి రెప్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కూర్చుని పూర్తిగా లేస్తే ఒక గుంజీ. జిమ్‌లో అదే ఒక రెప్. సగం వంగి లేచినదాన్ని మాస్టారు లెక్కలో వేసేవారు కాదు, ఇక్కడా అంతే.

ఒక రెప్ ఎలా ఉండాలో స్క్వాట్‌తోనే చూద్దాం. 5 కిలోల డంబెల్‌ని నిలువుగా పట్టుకుని, పై బిళ్ల కింద రెండు అరచేతులూ ఆనించి, ఛాతీకి దగ్గరగా ఉంచుకోండి. దీన్ని గోబ్లెట్ స్క్వాట్ అంటారు. కాళ్లు భుజాలంత ఎడంగా, పాదాలు కాస్త బయటికి. వెనకాల ముక్కాలిపీట ఉన్నట్టు, గాలి పీలుస్తూ రెండు మూడు సెకన్లలో మెల్లగా కూర్చోండి. మోకాళ్లు పాదాల వేళ్లు చూపించే వైపే వెళ్లాలి, లోపలికి వాలకూడదు. మడమలు నేల మీంచి లేవకూడదు. గాలి వదులుతూ పైకి లేవండి. మొత్తం నాలుగు సెకన్లు. దించేటప్పుడు తొందరపడితే సగం కష్టం తప్పించుకున్నట్టే, కాబట్టి సగం ఫలితమూ పోతుంది.

ఊపిరి బిగబట్టడం కొత్తవాళ్లందరికీ ఉండే అలవాటు. బరువు ఎత్తేటప్పుడు గాలి వదలాలి, దించేటప్పుడు పీల్చుకోవాలి. గుర్తుండకపోతే పైకి గట్టిగా లెక్కపెట్టండి. మాట్లాడుతూ ఊపిరి బిగబట్టడం కుదరదు.

సెట్ అంటే

బరువు కింద పెట్టకుండా వరసగా చేసిన రెప్పుల కట్ట ఒక సెట్. పది స్క్వాట్లు తీసి డంబెల్ కింద పెట్టారు, ఒక సెట్ అయింది. కాసేపు ఆగి ఇంకో పది, రెండో సెట్. మన బోర్డు మీద 3×10 అంటే ముందు అంకె సెట్లు, తర్వాతది రెప్పులు. పది చొప్పున మూడుసార్లు, మధ్యలో ఆగుతూ.

ఈ మూడు పదుల లెక్క ఎవరో జిమ్ ఓనరు పెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో థామస్ డిలోర్మ్ అనే అమెరికా సైనిక డాక్టరు, గాయపడ్డ సైనికులకి బలం తిరిగి తెప్పించడానికి బరువులు ఎత్తించేవాడు. మొదట్లో పది రెప్పుల సెట్లు ఏడు నుంచి పది దాకా చేయించి, అన్ని అక్కర్లేదని తేలాక 1948కల్లా మూడుకి తగ్గించాడు. గాయపడి లేచినవాళ్లకి మూడు చాలాయి. నిన్నటిదాకా ఈఏపీసెట్‌కి కుర్చీలో కూర్చుని చదివిన మనకీ చాలు.

మరి ఎంత బరువు? పదో రెప్ అయ్యాక "ఇంకో రెండు లాగగలను, మూడోది కష్టం" అనిపించాలి. అదే మీ బరువు. ఇంకో పది తీయగలిగితే బరువు తక్కువైంది. ఏడో రెప్‌కే నడుము వంకరపోతే ఎక్కువైంది, సిగ్గుపడకుండా తగ్గించండి. పక్కవాడు 20 కిలోల డంబెల్ తిప్పుతున్నాడని చూడొద్దు, వాడు రెండేళ్ల నుంచి వస్తున్నాడు.

రెస్ట్: అందరూ ఎగ్గొట్టేది

రెండు సెట్ల మధ్య ఆగే టైమే రెస్ట్. కొత్తవాళ్లు దీన్ని బద్ధకం అనుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారన్న మొహమాటంతో అరనిమిషానికే మళ్లీ బరువు ఎత్తేస్తారు. రెండో సెట్‌లో ఆరో రెప్‌కే చేతులు వణికి, "నాకు బలం లేదు" అనుకుని ఇంటికెళ్తారు. బలం ఉంది. అది తిరిగొచ్చేదాకా ఆగలేదు, అంతే.

కండలో అప్పటికప్పుడు వాడుకోవడానికి చిన్న శక్తి నిల్వ ఉంటుంది. గట్టిగా బరువు ఎత్తితే కొద్ది సెకన్లలోనే చాలావరకు ఖర్చయిపోతుంది. మళ్లీ దాదాపు నిండడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పొద్దున ఏడింటికి హాస్టల్ డాబా మీద ట్యాంకు ఖాళీ అయితే మోటరు వేసి ఆగాల్సిందే కదా, కుళాయి ఎంత తిప్పినా లాభం లేదు. ఇదీ అంతే.

స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ లాంటి పెద్ద కండల వ్యాయామాలకి 2 నిమిషాలు. మిగతావాటికి ఒకటి, ఒకటిన్నర నిమిషం. రెస్ట్‌లో పడుకోవద్దు, అటూ ఇటూ నడవండి, గుక్కెడు నీళ్లు తాగండి. టైము గోడ గడియారంలో చూసుకోండి. ఫోన్ తీస్తే ఒక రీల్ ఇంకో రీల్‌ని లాక్కొచ్చి రెండు నిమిషాలు పన్నెండవుతాయి, ఒళ్లు చల్లబడిపోతుంది. బెంచీ మీద కూర్చుని రెస్ట్ తీసుకోవద్దు. మీరు ఆగినప్పుడు ఇంకొకరు వాళ్ల సెట్ చేసుకుంటారు. ఇద్దరు వంతులేసుకుంటే టైము దానంతటదే సరిపోతుంది.

మీ రొటీన్

సోమ, బుధ, శుక్రవారాలు. మూడు రోజులూ ఇదే.

వార్మప్: 7–8 నిమిషాలు. జిమ్ చుట్టూ చురుగ్గా నడక, చేతులు తిప్పడం, బరువు లేకుండా పది బస్కీలు. (ట్రెడ్‌మిల్ రిపేరులో ఉంది. ఎప్పుడు బాగవుతుందని మమ్మల్ని అడగొద్దు, మేమూ అదే అడుగుతున్నాం.)

గోబ్లెట్ స్క్వాట్: 3×10, రెస్ట్ 2 నిమిషాలు
పుషప్స్: 3×8, రెస్ట్ ఒకటిన్నర నిమిషం
లాట్ పుల్‌డౌన్, అంటే మెషిన్ దగ్గర కూర్చుని తల పైనున్న బారుని కిందికి లాగడం: 3×10, రెస్ట్ ఒకటిన్నర నిమిషం
డంబెల్స్‌తో రొమేనియన్ డెడ్‌లిఫ్ట్: 3×10, రెస్ట్ 2 నిమిషాలు
డంబెల్ షోల్డర్ ప్రెస్, అంటే డంబెల్స్‌ని భుజాల దగ్గర్నుంచి తల పైకి నెట్టడం: 2×10, రెస్ట్ ఒకటిన్నర నిమిషం
ప్లాంక్, అంటే మోచేతులూ కాలివేళ్లూ నేలకి ఆనించి ఒళ్లు తిన్నగా నిలపడం: 2 సార్లు, ఒక్కోసారి 20 సెకన్లు, రెస్ట్ 1 నిమిషం

లెక్కేసి చూడండి. మొత్తం 16 సెట్లు, సెట్‌కి 40 సెకన్లనుకుంటే పని పదకొండు నిమిషాలు కూడా కాదు. ఆగేది 26 నిమిషాలు. వార్మప్‌తో కలిపి ముప్పావు గంటలో బయటపడొచ్చు. ల్యాబ్ రికార్డులు రాసుకోవడానికి టైము మిగులుతుంది.

నేల మీద పుషప్ రాకపోతే బెంచీ అంచు మీద చేతులు పెట్టి చేయండి. ఆడామగా తేడా లేదు, చాలామంది అక్కడే మొదలుపెట్టారు. లాట్ పుల్‌డౌన్‌లో బారుని ఛాతీ పైభాగానికి లాగండి, మెడ వెనక్కి వద్దు. అన్నిటికన్నా ఎక్కువగా తప్పు పోయేది డెడ్‌లిఫ్ట్. అది వంగి నేల మీద వస్తువు తీయడం కాదు. రెండు చేతుల్లో సరుకులున్నప్పుడు కారు తలుపుని పిరుదులతో వెనక్కి నెట్టి మూస్తామే, ఆ కదలిక. మోకాళ్లు కొంచెమే వంచి, వీపు తిన్నగా ఉంచి, డంబెల్స్ తొడల మీదుగా మోకాళ్ల కిందికి జారాలి. తొడల వెనక లాగినట్టు అనిపిస్తే సరిగ్గా చేస్తున్నట్టు. నడుములో అనిపిస్తే ఆపి, మాలో ఒకర్ని పిలవండి.

మొదటి వారం మాత్రం అన్నీ రెండేసి సెట్లే. "ఇంతేనా" అనిపిస్తుంది. బుధవారం పొద్దున్న మీ కాళ్లే జవాబు చెప్తాయి.

చిన్న నోట్‌బుక్

పది రూపాయల నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. ఇప్పుడు సెకండియర్‌లో ఉన్న ఒక చెల్లి పుస్తకంలో పోయినేడు స్క్వాట్ పేజీ ఇలా ఉంది:

మొదటి వారం: 5 కిలోలు. 10, 10
రెండో వారం: 5 కిలోలు. 10, 10, 9
మూడో వారం: 5 కిలోలు. 12, 11, 10. నిద్ర లేదు, ఇంటర్నల్స్
నాలుగో వారం: 5 కిలోలు. 12, 12, 12
ఐదో వారం: 7.5 కిలోలు. 9, 8, 8

పెంచే పద్ధతి ఈ ఐదు లైన్లలోనే ఉంది. ముందు రెప్పులు పెరుగుతాయి. మూడు సెట్లలోనూ 12 వచ్చాక బరువు ఒక మెట్టు ఎక్కుతుంది. అప్పుడు రెప్పులు తగ్గుతాయి, తగ్గాలి కూడా. 9, 8, 8 చూసి టెన్షన్ పడొద్దు, మళ్లీ 12 దాకా మెల్లగా వెళ్లండి. మూడో వారంలో నిద్ర గురించి రాసుకుంది చూశారా, అదీ పనికొచ్చే లెక్కే.

మంగళ, గురువారాలు ఎందుకు ఖాళీ?

జిమ్‌లో కండ అలసిపోతుంది. బాగుపడి గట్టిపడేది తిండి, నిద్రల్లో. అందుకే రోజు విడిచి రోజు. ఏడెనిమిది గంటల నిద్ర లేకుండా మేం రాసిన ఏ రొటీనూ పనిచేయదు. ఆదివారం మెస్‌లో చికెన్, మిగతా రోజుల్లో పప్పు, పెరుగు, గుడ్లు. ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. తిననివాళ్లకి నానబెట్టిన శనగలు, పల్లీలు. మొదటి నెల పౌడర్ డబ్బాల జోలికి పోవద్దు, ఆ డబ్బులతో గుడ్లు కొనుక్కోండి. పరీక్షల వారంలో రెండు రోజులు వచ్చినా చాలు.

నొప్పుల సంగతి

చేసిన మర్నాడు మొదలై రెండో రోజు ఎక్కువై, మూడు నాలుగు రోజుల్లో తగ్గే ఒళ్లునొప్పులు మామూలే. నడక, నీళ్లు, నిద్ర. తగ్గాలని మాత్రలు మింగడం, ఇంకా గట్టిగా చేయడం రెండూ వద్దు. కీలులో సూదితో పొడిచినట్టు నొప్పి వస్తే అది వేరే సంగతి, ఆ వ్యాయామం అక్కడే ఆపేయండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఆపి ఎవరినైనా పిలవండి. కండలు బాగా వాచి, మూత్రం కోలా రంగులో వస్తే రేపటిదాకా ఆగకుండా ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్కసారిగా మరీ ఎక్కువ చేసినవాళ్లలో అరుదుగా ఇలా అవుతుంది, కిడ్నీలకి ప్రమాదం. ఆస్తమా, గుండె సమస్య, ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి. పీరియడ్స్‌లో ఓపిక ఉంటే చేయొచ్చు, లేకపోతే ఆ రోజు మానేయొచ్చు.

జిమ్ పొద్దున 5:30 నుంచి 8, సాయంత్రం 5 నుంచి 8:30 దాకా. సాయంత్రం మొదటి గంట అమ్మాయిలకి మాత్రమే. చెప్పులతో లోపలికి రానివ్వం. డంబెల్ కాలి మీద పడితే ఏమవుతుందో మాలో ఒకడికి బాగా తెలుసు. ఎత్తినవి ఎత్తినచోటే పెట్టాలి, బెంచీ తుడవాలి.

వచ్చే సోమవారం కొత్తవాళ్లకి స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ దగ్గరుండి చూపిస్తాం. అమ్మాయిలకి 5:15కి, అబ్బాయిలకి 6:15కి. బూట్లు, తువ్వాలు, నీళ్ల బాటిల్, ఆ పది రూపాయల నోట్‌బుక్ తెచ్చుకోండి. పెన్ను కూడా, మా దగ్గరున్నవన్నీ మీ సీనియర్లు ఎప్పుడో పట్టుకెళ్లిపోయారు.