చప్టా అవతల

రాత్రి తొమ్మిదిన్నరకు గంపలగూడెం వెళ్లే చివరి బస్సు కట్టలేరు వాగు ముందు ఆగిపోయింది. హెడ్‌లైట్ల వెలుగులో చప్టా కనబడలేదు. ఎర్రటి నీళ్లు, వాటి మీద కొట్టుకుపోతున్న తాటిమట్టలు.

"మోకాలి లోతే ఉంటుంది, పోనివ్వండి" అన్నాడు ముందు సీటులోని యువకుడు.

"లోతు సంగతి కాదు బాబూ. కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో ఎవరికి తెలుసు?" అని డ్రైవరు బస్సును మెల్లగా వెనక్కి నడిపి, మెరక మీద ఆపాడు.

కండక్టరు 112కు ఫోను చేసి, డిపోకూ చెప్పాడు. తరువాత నీటి అంచున ఒక కర్ర పాతి వచ్చాడు. అరగంటకోసారి టార్చి వేసి చూస్తూనే ఉన్నాడు. పదకొండింటికి కర్ర సగం మునిగింది. బస్సు ఇంకొంచెం వెనక్కి జరిగింది.

పసిబిడ్డ ఏడుపు అందుకుంది. కూతురి ఊరికి వెళ్తున్న అవ్వ సంచిలోంచి దుప్పటి తీసి తల్లికిచ్చింది. "పొద్దుటిదాకా నా మనవడే అనుకో అమ్మా." ఆమె తెచ్చిన జంతికలు చివరి సీటు దాకా వెళ్లాయి.

పన్నెండు దాటాక వెనక నుంచి ఒక మోటారుసైకిలు వేగంగా వచ్చింది. అందరికంటే ముందు దిగి, ఫోను లైటు ఊపుతూ రోడ్డుకు అడ్డంగా నిలబడింది ఆ యువకుడే.

"ఆగన్నా! ముందుకు వెళ్లకు."

తెల్లవారి వాగు తీసింది. చప్టా నడుమ బస్సంత గండి.

అవ్వ కిటికీలోంచి చూసి, డ్రైవరు భుజం మీద చెయ్యి వేసింది.