అభియోగాల ఖరారు ఉత్తర్వుపై క్రిమినల్ రివిజన్ పిటిషన్

గౌరవనీయ మెట్రోపాలిటన్ సెషన్స్ జడ్జి గారి న్యాయస్థానం, విశాఖపట్నం

క్రిమినల్ రివిజన్ పిటిషన్, 2023
(విశాఖపట్నం రెండవ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ గారి ఫైలులోని సి.సి. నెం. 418/2021లో 12-06-2023 నాటి ఉత్తర్వుపై)

పిల్లా సన్యాసిరావు, వయసు 34 సంవత్సరాలు, ప్రైవేటు ఉద్యోగం, మధురవాడ, విశాఖపట్నం — రివిజన్ పిటిషనర్ / ఏ-3

వర్సెస్

1. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా
2. యల్లపు అప్పలనాయుడు, వయసు 61 సంవత్సరాలు, కూర్మన్నపాలెం, విశాఖపట్నం (ఫిర్యాది, ఎల్.డబ్ల్యు.1) — రెస్పాండెంట్లు

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 397, 399 సెక్షన్ల కింద పిటిషనర్ తరఫున దాఖలు చేసుకుంటున్న రివిజన్

1. పై సి.సి.లో పిటిషనర్ మూడవ ముద్దాయి. కింది కోర్టు వారు 239, 240 సెక్షన్ల కింద ఇరుపక్షాల వాదన విని, 12-06-2023న ఒకే ఉత్తర్వు ద్వారా డిశ్చార్జి కోరికను తోసిపుచ్చారు. అదే రోజు పిటిషనర్ మీద భారత శిక్షాస్మృతి 420, 468, 471, 120-బి రెడ్ విత్ 34 సెక్షన్ల కింద అభియోగాలు ఖరారు చేశారు. ఏ-1, ఏ-2ల మీద అభియోగాల సంగతి ఈ రివిజన్‌లో లేదు. ఏ-3 వరకే ఈ ఉత్తర్వును సవాలు చేస్తున్నాము.

2. సర్టిఫైడ్ కాపీకి 14-06-2023న దరఖాస్తు చేయగా 26-06-2023న అందింది. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 131 ప్రకారం గడువు 90 రోజులు. ఈ రివిజన్ 18-07-2023న, అంటే కాపీకి పట్టిన రోజులు మినహాయించనక్కర లేకుండానే గడువులోపల, దాఖలవుతున్నది. 397(3) దృష్ట్యా ఇదే ఉత్తర్వుపై హైకోర్టులో గానీ వేరే కోర్టులో గానీ పిటిషనర్ రివిజన్ వేయలేదు.

3. రివిజన్ నిలుస్తుందా అన్న అభ్యంతరానికి ముందే సమాధానం. అభియోగాల ఉత్తర్వు 397(2)లో చెప్పిన ఇంటర్‌లోక్యూటరీ ఉత్తర్వు కాదు. మధు లిమాయే (1977) 4 ఎస్.సి.సి. 551 కేసులో వేసిన ఆ దారినే ఏషియన్ రీసర్ఫేసింగ్ (2018) 16 ఎస్.సి.సి. 299 అనుసరించింది. సంజయ్ కుమార్ రాయ్ కేసులో 2021లో సుప్రీంకోర్టు అదే మాట మళ్లీ చెప్పింది.

కేసు సంగతులు

4. ప్రాసిక్యూషన్ కథ ఇది. ద్వారకానగర్‌లో ఆఫీసు ఉన్న ఒక రియల్ ఎస్టేట్ భాగస్వామ్య సంస్థకు ఏ-1 మేనేజింగ్ పార్ట్‌నర్, ఏ-2 మధ్యవర్తి. ఆనందపురం మండలంలోని 267 చదరపు గజాల స్థలాన్ని గజం రూ. 9,000 చొప్పున రూ. 24,03,000కు అమ్ముతామని చెప్పి, స్థలం యజమాని (ఎల్.డబ్ల్యు.4) ఇచ్చినట్టుగా 08-01-2019 తేదీతో ఉన్న ఒక నోటరీ జి.పి.ఏ.ను 10-02-2019న ఏ-1 ఫిర్యాదికి చూపాడు. 14-02-2019న అగ్రిమెంటు జరిగింది. ఆ రోజు చెక్కు ద్వారా రూ. 5,00,000, 22-03-2019న ఆర్.టి.జి.ఎస్. ద్వారా రూ. 9,00,000 సంస్థ ఖాతాలో పడ్డాయి. ఏ-1 ఫోన్ చేసి అడగగా 06-05-2019న డెవలప్‌మెంట్ చార్జీల కింద రూ. 60,000 నగదు ఆఫీసులో కట్టి ఫిర్యాది రసీదు తీసుకున్నాడు. రిజిస్ట్రేషన్ జరగలేదు. జి.పి.ఏ. మీద సంతకం తనది కాదని ఎల్.డబ్ల్యు.4 చెప్పడంతో 19-11-2020న ఎఫ్.ఐ.ఆర్. నమోదయింది.

5. ఆ ఎఫ్.ఐ.ఆర్.లో పిటిషనర్ పేరు లేదు. అదే రోజు నమోదైన ఫిర్యాది 161 వాంగ్మూలంలోనూ లేదు. 05-12-2020న మధ్యవర్తుల సమక్షంలో రాసినట్టు చెప్పే ఏ-1 ఒప్పుకోలులో మొదటిసారి కనిపించింది. ఆ తర్వాత, 02-03-2021 నాటి ఫిర్యాది అదనపు వాంగ్మూలంలోకి ఎక్కింది. ఈ వరుస ముఖ్యం. సాక్షి చెప్పినదాన్ని బట్టి ముద్దాయిని చేర్చలేదు. ఒప్పుకోలును బట్టి చేర్చి, సాక్షి చేత ఆ తర్వాత చెప్పించారు.

రివిజన్ ఆధారాలు

6. పిటిషనర్ ఆ సంస్థలో చేరింది 01-04-2019న. ఇది ముద్దాయి డిఫెన్స్ కాదు, ప్రాసిక్యూషన్ పత్రమే. దర్యాప్తు అధికారి స్వాధీనం చేసుకుని 207 సెక్షన్ కింద కాపీ ఇచ్చిన హాజరు, జీతాల రిజిస్టరు (డాక్యుమెంట్ నెం. 9) ఏప్రిల్ 2019 పేజీలో పిటిషనర్ పేరు ఎదుట చేరిన తేదీ ఉంది, జీతం రూ. 18,000 అని ఉంది. ఫిబ్రవరి, మార్చి పేజీల్లో ఆయన పేరే లేదు. జి.పి.ఏ. పుట్టింది జనవరిలో, చూపింది ఫిబ్రవరిలో, రూ. 14,00,000 చేతులు మారింది మార్చి 22 నాటికి. ఈ మూడు ఘట్టాల్లో ఏ ఒక్కదాని నాడూ పిటిషనర్ ఆ ఆఫీసులో లేడు.

7. ఈ రిజిస్టరును చూపితే, అది విచారణలో తేలవలసిన డిఫెన్స్ అని కింది కోర్టు వారు పక్కన పెట్టారు. దేబేంద్రనాథ్ పాఢి (2005) 1 ఎస్.సి.సి. 568 తీర్పు అభియోగాల దశలో ముద్దాయి తెచ్చిన పత్రాలను చూడవద్దన్నది. ప్రాసిక్యూషన్ తానే దాఖలు చేసిన పత్రాన్ని చూడవద్దని ఆ తీర్పులో ఎక్కడా లేదు. 239 సెక్షనే 173 కింద పంపిన పోలీసు రిపోర్టునూ పత్రాలనూ పరిశీలించమంటున్నది. ఆ పరిశీలన ఇక్కడ జరగలేదు.

8. 420 సెక్షన్ విషయం. మోసపుచ్చే ఉద్దేశం డబ్బు పుచ్చుకునే మొదట్లోనే ఉండాలని హృదయ రంజన్ ప్రసాద్ వర్మ (2000) 4 ఎస్.సి.సి. 168 చెబుతున్నది. మొదటి అభియోగం "14-02-2019న మీరు ముగ్గురూ కలిసి ఫిర్యాదిని నమ్మించి" అని మొదలవుతుంది. ఆ తేదీన పిటిషనర్ ఏ మాట చెప్పి ఎవరిని నమ్మించాడో ఫిర్యాది కూడా చెప్పడం లేదు.

9. మిగిలింది 06-05-2019 రసీదు. పిటిషనర్‌కు వ్యతిరేకంగా రికార్డులో ఉన్న ఏకైక కాగితం అదే గనక దాన్ని దాటవేయడం లేదు. రసీదు మీద క్యాషియర్‌గా సంతకం పిటిషనర్‌దే. అయితే అది నకిలీదని ఎవరూ అనడం లేదు. రసీదు నంబరుతో సహా ఆ రూ. 60,000 అదే రోజు సంస్థ డే బుక్ 37వ పేజీలో జమ అయింది (డాక్యుమెంట్ నెం. 11). ఆ డబ్బు అడిగింది ఏ-1 అని, ఫోన్‌లో అడిగాడని ఫిర్యాదే చెప్పాడు. పిటిషనర్ బ్యాంకు స్టేట్‌మెంటును కూడా దర్యాప్తు అధికారి తెప్పించారు. అందులో జీతం తప్ప సంస్థ నుంచి ఒక్క రూపాయి లేదు. ఆఫీసు బాయ్ ఎల్.డబ్ల్యు.5 చెప్పిందల్లా "సన్యాసిరావు గారు క్యాష్ చూసేవారు" అని. క్యాష్ చూడడం ఆయన ఉద్యోగం. జి.పి.ఏ. నకిలీదని ఆయనకు తెలుసని చెప్పే సాక్షి 11 మందిలో ఒక్కరూ లేరు. ఆ ఎరుక లేకుండా రసీదు రాయడం గుమాస్తా పనే అవుతుంది, నేరంలో వాటా కాదు.

10. 468, 471 సెక్షన్ల విషయంలో ఉత్తర్వు ఎఫ్.ఎస్.ఎల్. నివేదికను ఆధారం చేసుకుంది. ఆ నివేదిక జి.పి.ఏ. మీద సంతకాన్ని ఎల్.డబ్ల్యు.4 నమూనా సంతకాలతో పోల్చి, ఒకరివి కావని చెప్పింది. అంతవరకే. సంతకం ఎవరు పెట్టారో చెప్పలేదు. పిటిషనర్ నమూనా రాతలు తీసుకోనే లేదు, పంపనే లేదు. పత్రం నకిలీ అని తేలడం వేరు, దాన్ని సృష్టించింది ఫలానావాడని చూపడం వేరు. పత్రాన్ని తయారు చేసినవాడే ఫోర్జరీకి బాధ్యుడని షీలా సెబాస్టియన్ (2018) 7 ఎస్.సి.సి. 581 స్పష్టం చేసింది. 471 నిలవాలంటే పత్రాన్ని వాడి ఉండాలి, జి.పి.ఏ. చూపింది ఏ-1 అని ఫిర్యాది రెండు వాంగ్మూలాల్లోనూ మార్చకుండా చెప్పాడు.

11. కుట్ర అభియోగం పూర్తిగా ఏ-1 ఒప్పుకోలు మీద నిలబడింది. అది పోలీసు అధికారి రాసుకున్నది. మధ్యవర్తులు పక్కన కూర్చున్నంత మాత్రాన ఎవిడెన్స్ చట్టం 25, 26 సెక్షన్ల నిషేధం తొలగదు. 27 సెక్షన్ కూడా వర్తించదు, ఎందుకంటే ఆ ఒప్పుకోలు వల్ల కొత్తగా బయటపడిన వస్తువు లేదు. జి.పి.ఏ. కాపీని ఫిర్యాది అప్పటికే ఫిర్యాదుతో జతచేశాడు. సహముద్దాయి ఒప్పుకోలును మాత్రమే పట్టుకుని అభియోగం మోపరాదని సురేశ్ బుధర్మల్ కలానీ (1998) 7 ఎస్.సి.సి. 337, పోలీసుల ముందు చెప్పిన మాట అభియోగానికి పనికిరాదని దీపక్‌భాయ్ జగదీశ్‌చంద్ర పటేల్ (2019) 16 ఎస్.సి.సి. 547 చెప్పాయి. 10 సెక్షన్ సాయానికి రావాలన్నా కుట్ర ఉందని నమ్మడానికి వేరే ఆధారం ముందుగా ఉండాలి.

12. ఇక 02-03-2021 అదనపు వాంగ్మూలం. అందులో ఉన్నది ఒక్క వాక్యం: "ఏ-3 కూడా వారితో కలిసే ఉన్నాడు." ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశాడు అన్నది లేదు. ఈ వాక్యాన్ని అక్షరాలా నిజమని తీసుకున్నా నేరాంగాలలో ఒక్కటీ తేలదు. వాంగ్మూలం నమ్మదగినదా కాదా అన్న తర్కంలోకి పిటిషనర్ ఈ దశలో వెళ్లడం లేదు.

13. అభియోగాల దశలో సాక్ష్యాన్ని తూచకూడదన్నది, రివిజన్ పరిధి ఇరుకైనదన్నది (అమిత్ కపూర్ (2012) 9 ఎస్.సి.సి. 460) పిటిషనర్ ఒప్పుకునే విషయాలే. అభియోగం మోపేటప్పుడు వివరంగా కారణాలు రాయనక్కర లేదని కాంతి భద్ర షా (2000) 1 ఎస్.సి.సి. 722 అన్నది కూడా తెలుసు. అందుకే ఉత్తర్వు పొట్టిదన్నది ఈ రివిజన్‌లో ఆధారం కాదు. రికార్డులో ఏమీ లేదన్నదే ఆధారం. ప్రఫుల్ల కుమార్ సామల్ (1979) 3 ఎస్.సి.సి. 4, దిలావర్ బాలు కురానే (2002) 2 ఎస్.సి.సి. 135 తీర్పుల ప్రకారం, కోర్టు ప్రాసిక్యూషన్‌కు పోస్టాఫీసులా ఉండరాదు. బలమైన అనుమానం ఉంటే అభియోగం, ఉత్త అనుమానమే అయితే డిశ్చార్జి.

14. "ఏ-3కు తెలుసా లేదా అన్నది విచారణలో తేలవలసిన విషయం" అన్న ఉత్తర్వు మూడవ పేరాలోని వాక్యమే మొత్తం పొరపాటుకు మూలం. ఆ ఎరుక గురించి మాట్లాడే సాక్షి జాబితాలో ఉంటే తేలవలసిందే. లేనప్పుడు విచారణ దేన్ని తేలుస్తుంది? 161 వాంగ్మూలాల్లో లేనిది కోర్టులో చెబితే అది పెంపుదల అవుతుంది తప్ప సాక్ష్యం కాదు.

15. రెండు, మూడు అభియోగాల్లో ఫోర్జరీ జరిగిన తేదీ, స్థలం, తీరు లేవు. 212, 213 సెక్షన్లకు ఇది విరుద్ధం. 215 సెక్షన్ దృష్ట్యా ఈ ఒక్క కారణం మీదే ఉత్తర్వు రద్దు కోరడం లేదు. ఆ వివరాలు రాయడానికి రికార్డులో ఏమీ దొరకలేదనడానికి మాత్రం అది గుర్తు.

ప్రార్థన

కనుక గౌరవ న్యాయస్థానం వారు సి.సి. నెం. 418/2021 రికార్డును తెప్పించి పరిశీలించి, 12-06-2023 నాటి ఉత్తర్వును, దాని మేరకు ఖరారైన అభియోగాలను ఏ-3 వరకు రద్దు చేసి, పిటిషనర్‌ను 239 సెక్షన్ కింద డిశ్చార్జి చేయవలసిందిగా. అది వీలుకాదని భావిస్తే, డాక్యుమెంట్లు 9, 11లను పరిశీలించి, ఏ-1 ఒప్పుకోలును మినహాయించి, ఒక్కో సెక్షన్‌కూ విడివిడిగా తిరిగి నిర్ణయించమని కింది కోర్టుకు పంపవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

మధ్యంతరంగా: ఎల్.డబ్ల్యు.1 విచారణకు కేసు 07-08-2023కు వాయిదా పడి ఉంది. ఆ సాక్ష్యం నమోదైతే ఈ రివిజన్‌కు అర్థం ఉండదు. ఏ-3 వరకు విచారణ నిలుపుదలకు అఫిడవిట్‌తో విడిగా పిటిషన్ దాఖలు చేశాము. ఏషియన్ రీసర్ఫేసింగ్ తీర్పు స్టేకు ఆరు నెలల హద్దు పెట్టినందున, వాదనలకు పిటిషనర్ సిద్ధంగా ఉన్నాడు, వాయిదాలు కోరడు.

జతపరచినవి: 12-06-2023 ఉత్తర్వు, అభియోగాల సర్టిఫైడ్ కాపీలు, ఎఫ్.ఐ.ఆర్., చార్జిషీటు, ఎల్.డబ్ల్యు.1 రెండు వాంగ్మూలాలు, ఎల్.డబ్ల్యు.4, 5 వాంగ్మూలాలు, 05-12-2020 మధ్యవర్తుల నివేదిక, ఎఫ్.ఎస్.ఎల్. నివేదిక, హాజరు రిజిస్టరు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ 2019 పేజీలు, డే బుక్ 37వ పేజీ, పిటిషనర్ బ్యాంకు స్టేట్‌మెంటు, వకాలతునామా.

విశాఖపట్నం, 18-07-2023
పిటిషనర్ తరఫు న్యాయవాది