విషయం: డోర్ లాక్ సగటు బిల్లు సవరణ – కేటగిరీ 2 సర్వీసు 1153204417006281, రాజోలు – ఆగస్టు 2022 బిల్లు 640 యూనిట్లు, అసలు వాడకం 57 యూనిట్లు

గౌరవనీయులైన అసిస్టెంట్ ఇంజనీర్ గారికి, ఆపరేషన్ సెక్షన్, రాజోలు
ప్రతి: అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసర్ గారికి, ఈఆర్‌ఓ
తేదీ: 11 ఆగస్టు 2022

అయ్యా,

రాజోలు మెయిన్ రోడ్డులో మా కూల్ డ్రింక్స్, ఐస్‌క్రీమ్ షాపుకి పైన రాసిన సర్వీసు ఉంది. సింగిల్ ఫేజ్, మంజూరైన లోడు 3 కిలోవాట్లు. ఆగస్టు 7న వచ్చిన బిల్లులో స్టేటస్ డోర్ లాక్ అని ఉంది. 640 యూనిట్లకు 6,718 రూపాయలు పడింది, గడువు 21వ తేదీ. మీటరు నిజంగా తిరిగింది 57 యూనిట్లే. గడువులోపు బిల్లు సవరించి ఇస్తే ఆ రోజే కట్టేస్తాను.

మా ఇల్లు లంకలో. జులై 10 రాత్రి, వరద పెరుగుతోందని తెలిసి ఫ్రీజర్లు ఖాళీ చేసి, మెయిన్ ఆపి షట్టర్ వేశాం. ఆ తర్వాత ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాకా వెళ్లింది. నీళ్లు తీశాక ఇల్లు కడుక్కోవడం, పశువులని గట్టుమీద నుంచి దింపుకోవడం అయ్యి షాపు తెరిచేసరికి ఆగస్టు 10 అయింది. మీటరు షట్టర్ లోపల గోడకి ఉంది కాబట్టి 7వ తేదీన వచ్చిన మీటర్ రీడర్ గారికి కనబడే వీల్లేదు. ఆయన తప్పు ఏమీ లేదు. తలుపు వేసి ఉంటే సగటు వేస్తారు, రీడింగ్ దొరికాక దాన్ని సరిచేస్తారు. నేను అడుగుతున్నది ఆ రెండో పని.

రీడింగులు ఇవి. జులై 7న మీ రీడర్ గారు తీసినది 18,462. ఆగస్టు బిల్లులో ప్రస్తుత రీడింగ్ అని వేసినది 19,102. ఆగస్టు 10 ఉదయం 8.40కి, మెయిన్ వేయకముందు, మీటరు మీద ఉన్నది 18,519. అంటే జులై 7 నుంచి షాపు కట్టేసిన 10వ తేదీ రాత్రి వరకు కాలినవే ఆ 57 యూనిట్లు. ఈ సాయంత్రం 18,552 ఉంది. నెల రోజులు ఆపి ఉంచిన ఫ్రీజర్లు మళ్లీ చల్లబడాలి కదా, అందుకే ఈ రెండు రోజుల్లో 33 యూనిట్లు లాగాయి.

10వ తేదీ ఫోటోలు మెయిన్ స్విచ్ ముట్టుకోకముందు తీసినవి. మీటరుకి కరెంటు మెయిన్‌కంటే ముందే వస్తుంది కాబట్టి డిస్‌ప్లే వెలుగుతూనే ఉంది. మొదటి ఫోటోలో మీటరు సీరియల్ నంబరు, రెండోదాంట్లో తేదీ, టైము, మూడోదాంట్లో kWh దగ్గర 18519, నాలుగోదాంట్లో MD దగ్గర 0.00 కనబడతాయి. ఈ నాలుగో ఫోటోని దయచేసి శ్రద్ధగా చూడండి. మా మీటరులో MD ప్రతి నెల ఒకటో తేదీన సున్నా అవుతుంది. ఒక్క ఫ్రీజరు అరగంట తిరిగినా అక్కడ ఏదో ఒక అంకె పడాలి. 10వ తేదీన ఇంకా 0.00 ఉందంటే ఆగస్టులో అప్పటిదాకా లోడు లేదనే కదా. ఎరుపు పల్స్ లైటు కూడా వెలగకుండా ఉంది, చిన్న వీడియో జత చేశాను.

640 ఎలా వచ్చిందో బిల్లులు తీసి చూశాను. మే బిల్లు 702, జూన్ 665, జులై 553, మూడూ కలిపి 1,920, సగటు 640. లెక్కలో పొరపాటు లేదు. కానీ మాది ఎండాకాలం వ్యాపారం. రెండు డీప్ ఫ్రీజర్లు, ఒక విసి కూలర్ రాత్రింబవళ్లు తిరిగిన నెలలు అవి. షాపు పూర్తిగా తెరిచి ఉంచిన నిరుడు ఆగస్టులో కూడా బిల్లు 288 యూనిట్లే (ఆ బిల్లు కూడా జత చేశాను).

వచ్చే నెల రీడింగ్‌లో అదే సర్దుకుంటుందని కౌంటర్లో చెప్పారు. అలా వదిలేస్తే సర్దుకోదని మనవి. ఈ ముసురు రోజుల వాడకం చొప్పున సెప్టెంబరు 7కి మా మీటరు 18,970 దరిదాపుల్లో ఉంటుంది. మీ రికార్డులో పాత రీడింగ్ 19,102. కొత్తది పాతదానికంటే తక్కువ ఉంటే స్పాట్ బిల్లింగ్ మిషన్ ఒప్పుకోదు, మళ్లీ సగటే పడుతుంది. ఐదంకెల మీటరు చుట్టు తిరిగిందని తీసుకుంటే 99,868 యూనిట్లు వస్తుంది. అందుకని 7వ తేదీలోపే రికార్డులో రీడింగ్ మారాలి.

యూనిట్లు తర్వాతి నెలల్లో తగ్గించి ఇచ్చినా నష్టం మిగులుతుంది. కమర్షియల్ స్లాబుల్లో కింద యూనిట్లకు తక్కువ రేటు, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ. 640 ఒకే నెలలో పడితే ఎక్కువ భాగం పై స్లాబుల్లో కూర్చుంటుంది, తర్వాతి నెల కింది స్లాబులు ఖాళీగా పోతాయి. అందుకే ఆగస్టు బిల్లునే 57 యూనిట్లకు మొదటి నుంచి వేయాలని కోరుతున్నాను. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ నేను కట్టాల్సినవే, వాటి మీద అభ్యంతరం లేదు. అన్నీ కలిపినా నా లెక్కలో ఏడు వందలు దాటదు. పైగా ఏడాది వాడకం చూసి అదనపు డిపాజిట్ అడుగుతారు కాబట్టి, వాడని ఈ 583 యూనిట్లు అక్కడ కూడా తేలతాయి.

ఏఈ గారూ, రేపటి నుంచి ఏ రోజైనా లైన్‌మన్ గారినో రీడర్ గారినో చెక్ రీడింగ్‌కి పంపండి. ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు షాపు తెరిచే ఉంటుంది. మీటరు, సీలు చూసి ఆ రోజు రీడింగ్ రాసుకుంటే నా ఫోటోలోని 18,519తో సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. ఆ రిపోర్టు మీద ఏఏఓ గారు ఆర్‌జే పాస్ చేసి, ఆగస్టు ముగింపు రీడింగ్‌ని 18,519గా మార్చి సవరించిన బిల్లు ఇప్పించాలని ప్రార్థన. 21వ తేదీలోపు అది పూర్తి కాకపోతే, ఈ ఫిర్యాదు తేలేదాకా సరఫరా ఆపవద్దు, ఆలస్య రుసుము వేయవద్దు. ఫ్రీజర్లలో నిన్ననే సరుకు దింపాను. ఒక్క పూట కరెంటు పోయినా మొత్తం పోతుంది.

ఇంకొక మనవి. ఇది మళ్లీ జరగకుండా మీటరుని లోపలి గోడ నుంచి బయట వరండా స్తంభానికి మార్చాలనుకుంటున్నాను. స్తంభం షట్టరుకి ఎడమవైపు ఉంది, వాన జల్లు తగలదు. నిరుటి వరదలోనూ, ఈ వరదలోనూ రోడ్డు మీది నీళ్లు వరండా ఎక్కలేదు, అయినా మనిషి ఛాతీ ఎత్తున పెట్టిస్తే నిశ్చింత. సర్వీసు వైరు ఆరడుగులు పెంచితే సరిపోతుంది. ఎస్టిమేట్ ఇస్తే చార్జీలు కడతాను. దానికి వేరే దరఖాస్తు కావాలంటే చెప్పండి, సెక్షన్ ఆఫీసుకే వచ్చి ఇస్తాను.

నిన్న 1912కి కూడా ఫోన్ చేశాను. బిల్లు సవరణ కాబట్టి సెక్షన్‌కి రాయమన్నారు. ఈ మెయిల్ అందినట్టు ఒక ఫిర్యాదు నంబరు ఇప్పించండి. సర్వీసుకి లింకు ఉన్న మొబైల్ నంబరే నాది, దానికి మెసేజ్ పెట్టినా చాలు.

జత చేసినవి: జులై, ఆగస్టు 2022 బిల్లులు, మే, జూన్ 2022 బిల్లులు, ఆగస్టు 2021 బిల్లు, 10వ తేదీ మీటరు ఫోటోలు నాలుగు, పల్స్ లైటు వీడియో, ఈ సాయంత్రం రీడింగ్ ఫోటో, వరండా స్తంభం ఫోటో.

ఇట్లు,
మీసాల వీరవెంకట సత్యనారాయణ
కూల్ డ్రింక్స్ అండ్ ఐస్‌క్రీమ్ షాపు, మెయిన్ రోడ్డు, రాజోలు
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా