కొత్త చింతపండు, కొత్త బెల్లం: డబ్లిన్‌లో ఉన్న సిరికి అమ్మమ్మ ఉత్తరం

మునగపాక,
22-2-2026, ఆదివారం.

చిరంజీవి సిరికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. నీకు జలుబు తగ్గిందని మీ అమ్మ చెప్పింది, మనసు కుదుటపడింది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని కాగితం మీద రాస్తున్నాను. చిన్నోడు ఫోటో తీసి నీకు పంపుతాడు. దాచుకో.

మొన్న వీడియో కాల్‌లో నువ్వు చూపించిన పులిహోర ఇంకా నా కళ్లముందే ఉంది. పసుపు వేసినా నల్లగా వచ్చిందని, పరమాన్నం విరిగిపోయిందని, నాకు వంట రాదు అమ్మమ్మా అని ముఖం చిన్నబుచ్చుకున్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీ చేతిలో లోపం లేదు తల్లీ. సరుకు చూసి కొనడం నీకెవరూ నేర్పలేదు. ఇంట్లో అన్నీ జాడీల్లో ఉండేవి, నువ్వు చదువుకున్నావు, అంతే. ఉగాది మార్చి 19న. పచ్చడిలోకి చింతపండు, బెల్లం రెండూ కావాలి కదా, ఈలోగా నేర్చుకో.

ముందు చింతపండు. నువ్వు వాడింది సీసాలో గుజ్జు. దాన్ని ముందే బాగా మరిగించి చిక్కబరుస్తారు, అందుకే తారులా ఉంటుంది. పప్పుచారులోకి అర చెంచా వేసుకో, పరవాలేదు. పులిహోరకి మాత్రం వద్దు. నువ్వు చెప్పిన కాయల పెట్టె కూడా కొనకు. అది తీపి చింత, ఉత్తినే తినడానికి.

గింజ తీసిన చింతపండు ముద్ద పేకెట్లు మన ఇండియన్ షాపులో ఉంటాయి. పేకెట్‌ని వెలుతురుకి పట్టి చూడు. కొత్త పండు ఎర్రమట్టి రంగులో, కాస్త మెరుస్తూ ఉంటుంది. ఏడాది దాటితే నలుపు తిరుగుతుంది. చింత చచ్చినా పులుపు చావదు అంటారు చూడు, నిజమే, పాత పండుకీ పులుపు ఉంటుంది. చారుకీ పులుసుకీ అదే బాగుంటుందని మా అత్తగారు కావాలని పాతదే వాడేవారు. పులిహోరకి, గోంగూర పచ్చడికి, ఉగాది పచ్చడికి మాత్రం కొత్తదే ఉండాలి. పైనుంచే వేలితో నొక్కు. మెత్తగా అణిగి, జిగురుగా ఉండాలి. రాయిలా ఉంటే ఎండిపోయింది. నీరు కారుతూ ఉంటే వద్దు, అది బూజు పడుతుంది. పెంకు ముక్కలు, ఈనెలు ఎక్కువ కనిపిస్తే నువ్వు డబ్బిచ్చేది చెత్తకే. మూలల్లో సన్నటి పొడి రాలి ఉంటే పురుగు ఉన్నట్టే. ఇంటికి తెచ్చి విప్పాక కల్లు వాసన వస్తే మొహమాటపడకుండా తిరిగి ఇచ్చెయ్.

పేకెట్ మీద తేదీ చూసి మోసపోకు. అది పేకెట్ కట్టిన తేదీ, పండు రాలిన తేదీ కాదు. మన దగ్గర చింతపండు మాఘ ఫాల్గుణాల్లో, చైత్రంలో దిగుతుంది. మిగతా ఏడాదంతా అమ్మేది ఆ కాపే. పాడేరు వైపు సంతలకి గిరిజనులు కొత్త పండు తేవడం మొదలుపెట్టారు. మీ మామయ్య పోయిన వారం వెళ్లి ఐదు కిలోలు తెచ్చాడు. నాలుగు రోజులు ఎండబెట్టి, నేనూ మీ అత్తా కూర్చుని గింజలు తీశాం. నీ వాటా కల్లుప్పు కలిపి వేరే పెట్టాను.

నానబెట్టడంలోనూ ఒక మాట ఉంది. గ్లాసు బియ్యానికి నిమ్మకాయంత పండు, గోరువెచ్చని నీళ్లు కొద్దిగా పోసి, పావుగంట వదిలెయ్. మొదటి చిక్కటి గుజ్జు పులిహోరకి. మళ్లీ నీళ్లు పోసి తీసిన రెండో పులుసు చారుకి. ఇంకా వస్తుందేమోనని ఈనెల్ని గట్టిగా పిసకకు, వగరు దిగుతుంది. ఇత్తడి గిన్నెలో, అల్యూమినియం గిన్నెలో నానబెట్టకు. గాజుదో స్టీలుదో వాడు.

ఇక బెల్లం. దీని గురించి నాకు చెప్పకుండా ఉండలేని మాట ఒకటుంది.

నువ్వు పుట్టకముందు మన పొలంలోనే గానుగ ఆడేది. చెరకు రసం పెద్ద పెనంలో మరుగుతుంటే ఆ వాసన ఊరి చివరి దాకా వచ్చేది. సున్నపు తేట కొంచెం వేసి, పైకి తేలిన మురికి తీసేస్తూ మీ తాతయ్య తెల్లవార్లూ నిలబడేవారు. చెరకు పిప్పే పొయ్యిలోకి. అనకాపల్లి మార్కెట్‌కి తీసుకెళ్తే రంగు చూసి ధర కట్టేవారు. తెల్లగా, పసుపుగా మెరిస్తే ఎక్కువ, ముదురు రంగుకి తక్కువ. ఒక వ్యాపారి హైడ్రోస్ అనే మందు వేయి, రంగు తేలుతుంది, మంచి రేటు ఇప్పిస్తానన్నాడు. చాలామంది వేసేవారు, అప్పులున్నవాళ్లని తప్పు పట్టలేను. మీ తాతయ్య వేయలేదు. మన పిల్లలు తినే బెల్లం వేరు, అమ్మే బెల్లం వేరు అని నేను చేయలేను అన్నారు. ఆ ఏడు మన దిమ్మలన్నీ తక్కువకే పోయాయి. మీ అమ్మకి ఆ సంక్రాంతికి కొత్త గౌను కొనలేకపోయాం.

అందుకే చెబుతున్నాను, షాపులో అందంగా మెరిసే పచ్చటి బెల్లం వైపు చెయ్యి చాపకు. పాత తేనె రంగులోనో, ఇంకాస్త ముదురుగానో ఉన్నది తీసుకో. ఆ మందు వేసిన బెల్లం రంగు ఎలాగూ నిలవదు, కొన్నాళ్లకి నల్లబడుతుంది. పొడి కొనకు. అందులో పంచదార కలిపినా నువ్వు కనిపెట్టలేవు. అచ్చు కొను. విరిస్తే పెళుసుగా విరగాలి, వేలికి సాగి అంటుకోకూడదు. చిన్న ముక్క నాలుక మీద పెట్టుకో. ఉప్పగా తగిలితే చవిటి నేలలో పండిన చెరకు కావచ్చు, పుల్లగా ఉంటే పాతబడింది. ఇంట్లో ఒక ముక్క గ్లాసు నీళ్లలో కరిగించి కదపకుండా ఉంచు. అడుగున ఇసుక, తెల్లటి పిండి పేరుకుంటే ఆ షాపులో మళ్లీ కొనకు. కాస్త నలుసులుంటే భయం లేదు, కరిగించి వడకట్టుకుంటే చాలు.

నీ పరమాన్నం విరిగింది మరుగుతున్న పాలల్లో బెల్లం వేసినందుకు. పాతబెల్లంలో పులుపుంటే ఇంకా తొందరగా విరుగుతుంది. అన్నం పాలల్లో ఉడికాక పొయ్యి ఆపు. పది నిమిషాలు చల్లారనివ్వు. వేరే గిన్నెలో బెల్లం కరిగించి, వడకట్టి, అదీ చల్లారాక కలుపు. అరిసెలు ఇప్పుడే వద్దు. మెత్తబడిన బెల్లానికి ఉండపాకం రాదు, ఏడుస్తావు. నేను వచ్చినప్పుడు చేద్దాం.

మీ ఊళ్లో ఎప్పుడూ వానే అంటావు కదా, బెల్లానికి చెమ్మ పడదు. కాగితంలో చుట్టి, గాలి దూరని డబ్బాలో పెట్టి, తడి చెంచా తగలనివ్వకు. చింతపండు గాజు సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టుకో.

మీ అత్త అన్నయ్య కొడుకు మార్చి 8న బయలుదేరుతున్నాడు. అతనితో కిలో చింతపండు, రెండు కిలోల బెల్లం, ఎండబెట్టిన వేపపువ్వు పంపుతున్నాను. బెల్లం మనకి తెలిసిన రైతు మందు వేయకుండా వండింది, రంగు చూసి ముఖం తిప్పుకోకు. మామిడికాయ మాత్రం నువ్వే వెతుక్కోవాలి. పుల్లగా, గట్టిగా ఉన్నది చూడు.

ఉగాది రోజు నీకు ఆరు గంటలప్పుడు నాకు పదకొండున్నర. పచ్చడి కలిపాక ఫోన్ చెయ్యి, గిన్నె దగ్గరగా చూపించు. రంగు చూస్తాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ