కథల గూడు యాప్: కొత్త చందాదారులకు మూడు స్వాగత ఉత్తరాలు

మొదటి ఉత్తరం
పంపే సమయం: చేరిన వెంటనే
లక్ష్యం: చిన్నారి వయసు ఎంచుకోవడం
విషయం: మీ చిన్నారి వయసెంత? మొదటి కథ దానికోసమే ఆగింది

నమస్కారం.

కథల గూడుకు స్వాగతం. ఈ ఉత్తరంలో మేము మిమ్మల్ని అడిగేది ఒక్కటే, మీ చిన్నారి వయసు.

రెండేళ్ల పాపకు చెప్పే కథలో బొమ్మ పెద్దదిగా, వాక్యం చిన్నదిగా ఉండాలి, ఒకే మాట మళ్లీ మళ్లీ రావాలి. అదే కథను ఏడేళ్ల బాబుకు చదివితే రెండో పేజీకే లేచి వెళ్లిపోతాడు. అందుకే వయసు తెలియకుండా ఏ కథనూ మీ ముందు పెట్టడం మాకు ఇష్టం లేదు. పుట్టిన తేదీ, ఫొటో, అసలు పేరు, ఇవేవీ మాకు అక్కర్లేదు. ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు చాలు. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ వేర్వేరు అరలు పెట్టుకోవచ్చు. ఎవరి కథ ముందు అన్న తగవు తీర్చడం మాత్రం మీకే వదిలేస్తున్నాం.

[వయసు ఎంచుకోండి]

కథల గూడు సంపాదక బృందం

రెండో ఉత్తరం
పంపే సమయం: నాలుగో రోజు
లక్ష్యం: చదివిన కథనే 'ఆగి అడుగు' పద్ధతిలో మళ్లీ చదవడం
విషయం: అదే కథ మళ్లీ కావాలంటున్నారా? చదవండి

నమస్కారం.

మీ అరలో ఇప్పటికి కొన్ని కథలు చేరి ఉంటాయి. ఈ రాత్రి మాత్రం కొత్త కథ తెరవవద్దని మా విన్నపం. కథల యాప్ నడిపేవారే ఈ మాట అనడం వింతగా తోచవచ్చు గానీ, దీనికి కారణం ఉంది. మూడేళ్ల పిల్లలకు కొన్ని కొత్త మాటలను కథల్లో పెట్టి వినిపించిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది. వేర్వేరు కథల్లో విన్న పిల్లల కంటే, అవే కథలను మళ్లీ మళ్లీ విన్న పిల్లలే ఆ మాటలను బాగా గుర్తుపెట్టుకున్నారని అందులో తేలింది. 'మళ్లీ అదే చదువు' అని పిల్లలు పట్టే పేచీలో పస ఉందన్నమాట.

రెండోసారి చదివేటప్పుడు పెద్దలు చేయాల్సిన పని కొంత మారుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు 1988లో ప్రచురించిన పరిశోధనలో తల్లిదండ్రులు బొమ్మల పుస్తకం చదువుతూ మధ్యలో ఆగి ప్రశ్నలు అడిగారు, పిల్లలు చెప్పిన జవాబుకు మరో మాట చేర్చి తిరిగి చెప్పారు. అలా చదివిన ఇళ్లలో పిల్లల మాట తీరు మెరుగుపడింది. మా 'ఆగి అడుగు' మీట ఆ పద్ధతి మీద కట్టినదే.

'గొడుగు మరిచిన మబ్బు' కథను తీసుకోండి. నాలుగో పేజీలో అక్షరం ముక్క ఉండదు. కిటికీ అవతల మబ్బు ముక్క, ఇవతల మంచం కింద గొడుగు, అంతే. మీట నొక్కితే కథ అక్కడ ఆగి, 'మబ్బు ఏం వెతుకుతోంది?' అన్న ప్రశ్న మీకు మాత్రమే చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. పాప 'గొడుగు' అంటే, 'అవును, మంచం కింద దాక్కున్న ఎర్ర గొడుగు' అని మీరు అందుకోండి. జవాబు తప్పైనా దిద్దవద్దు, జవాబే రాకపోతే కాసేపు ఊరుకుని పేజీ తిప్పేయండి. ప్రశ్నలు ఎక్కువైతే కథ కాస్తా పరీక్ష అయిపోతుంది. కథకు రెండు మూడు చోట్ల ఆగితే సరిపోతుంది.

[మొదటి కథను మళ్లీ తెరవండి]

కథల గూడు సంపాదక బృందం

మూడో ఉత్తరం
పంపే సమయం: పదకొండో రోజు
లక్ష్యం: చందా కొనసాగించాలో లేదో నిర్ణయించుకోవడం
విషయం: ఉచిత గడువుకు ఇంకా మూడు రోజులుంది

నమస్కారం.

మీ 14 రోజుల ఉచిత గడువు మరో మూడు రోజుల్లో ముగుస్తుంది. మీరు స్వయంగా ఒప్పుకుంటే తప్ప మీ ఖాతా నుంచి రుసుము తీసుకోము. కొనసాగించకపోతే మొదటి ఐదు కథలు మీ దగ్గరే ఉంటాయి, తక్కినవి మూతపడతాయి.

పిల్లల చేతికి మరో తెర ఇస్తున్నామా అన్న సంకోచం చాలామందిలో ఉంటుంది, అది న్యాయమైనదే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కదలకుండా తెర చూసే సమయం రోజుకు ఒక గంట దాటరాదని, అంతకంటే తగ్గితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. పిల్లలు కూర్చుని గడిపే వేళ పెద్దలు కథలు చదవడాన్ని, చెప్పడాన్ని అదే పత్రం ప్రోత్సహించింది. అందుకే మా ప్రతి కథకూ తెర ఆపేసి వినే రూపం కూడా ఉంది, ఒక కథ అయిపోగానే మరొకటి దానంతటది మొదలవదు. చందాదారులకు ఈ వినే కథలన్నీ నెట్ లేకున్నా పనిచేస్తాయి.

మీ ఇంట్లో ఈ పదకొండు రోజులు పిల్లలు కథ అడిగారో లేదో మీకే తెలుసు. దాన్ని బట్టే నిర్ణయించుకోండి.

[నా నిర్ణయం చెబుతాను]

కథల గూడు సంపాదక బృందం

ఈ ఉత్తరాలు ఇక వద్దనుకుంటే 'ఆపండి' అని జవాబు రాయండి, ఆ రోజే ఆపేస్తాం.