నూటికి నూట ఎనభై ఐదు: బన్ను లెక్క

"శాతాలన్నీ కలిపితే 185 వస్తోందేంటి? ఎక్కడో తప్పు రాశావ్" అంది మా వదిన, నా కాగితం చూసి. మలక్‌పేటలో వాళ్లింట్లో శనివారం సాయంత్రం చిన్న ఫంక్షన్. చాయ్‌తో బన్ మస్కా పెట్టాలని ఆమె పట్టుదల. బన్నులు 36 కావాలి. నా దగ్గరున్న కొలతలేమో 12 బన్నులవి.

తప్పేం లేదు. బేకరీ లెక్కలో నూరు అంటే మొత్తం ముద్ద కాదు, పిండి ఒక్కటే. పిండి ఎంతైనా సరే దాన్ని 100 అనుకుని, మిగతా ప్రతిదాన్నీ ఆ పిండి బరువుతో పోల్చి చెబుతారు. నీళ్లు 60 శాతం అంటే కిలో మైదాకి 600 గ్రాములు. అందుకే మొత్తం ఎప్పుడూ నూరు దాటుతుంది. అన్నీ కాటా మీద గ్రాముల్లోనే తూయాలి, నీళ్లు కూడా. కప్పుతో ఈ లెక్క నడవదు. ఒకే కప్పులో మైదాని నొక్కి పోస్తే ఒక బరువు, జల్లించి పోస్తే ఇంకో బరువు.

నా బన్ను లెక్క ఇది:

మైదా 100
నీళ్లు 60
చక్కెర 10
వెన్న 8
పాలపొడి 4
ఉప్పు 1.8
ఇన్‌స్టంట్ ఈస్ట్ 1.2
మొత్తం 185

ఇక 36 బన్నులు. ఒక్కోటి పచ్చిముద్దగా 55 గ్రాములు, అంటే 1980. గిన్నెకీ చేతులకీ అంటుకుపోయేది ఎలాగూ ఉంటుంది కాబట్టి రెండు శాతం కలిపి 2020 అనుకున్నాం. ఇప్పుడు పిండి ఎంతో తేలితే చాలు, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

```
పిండి = ముద్ద బరువు ÷ శాతాల మొత్తం × 100
2020 ÷ 185 × 100 = 1092 గ్రా.
```

ఆ 1092ని ఒక్కో శాతంతో హెచ్చించాం: నీళ్లు 655, చక్కెర 109, వెన్న 87, పాలపొడి 44, ఉప్పు 19.7, ఈస్ట్ 13.1. అన్నీ తిరిగి కూడితే 2020కి ఇంచుమించు రావాలి, వచ్చింది. ఈ కూడిక మాత్రం ఎగ్గొట్టకండి. ఒకసారి నేను వెన్న కాలమ్‌లో సున్నా ఒకటి ఎక్కువ కొట్టాను. అప్పుడు కూడి చూసుంటే ముద్ద నూనెలో ఈదేది కాదు.

ఉప్పు, ఈస్ట్ లాంటి వాటికి వంటింటి కాటా సరిపోదు. నాది గ్రాము చొప్పునే దూకుతుంది. పెద్ద ముద్దకి పర్లేదు గానీ, 250 గ్రాముల మైదాకి ఈస్ట్ 3 గ్రాములే కదా, అక్కడ గ్రాము తేడా అంటే మూడో వంతు. పాయింట్ ఒకటి దాకా చూపే చిన్న జేబు కాటా కొనుక్కున్నాక నాకా గొడవ పోయింది.

వదిన మైదా డబ్బా తెరిస్తే ఉన్నది 640 గ్రాములే. లెక్క వెనక్కి తిప్పాం: 640ని 1.85తో హెచ్చిస్తే 1184 గ్రాముల ముద్ద, అంటే 21 బన్నులు. "సగానికి కొంచెం ఎక్కువ, చాలదులే" అంటూ అన్నయ్యని కిరాణాకి పంపింది.

గోధుమపిండి కలపాలన్నా నూరు మారదు. మైదా 70, గోధుమపిండి 30 అంటే రెండూ కలిపే 100. కాకపోతే గోధుమపిండి నీళ్లు ఎక్కువ లాగుతుంది కాబట్టి 60ని 64కో 65కో పెంచుకోండి. అప్పుడు మొత్తం కూడా 189 లేదా 190 అవుతుంది, భాగించేది దానితోనే. నీళ్ల బదులు పాలు పోసేవాళ్లకి ఒక మాట: పాలలో నీళ్లు 87 శాతం దాకానే, అందుకే అదే అంకె పాలు పోస్తే ముద్ద కాస్త గట్టిగా వస్తుంది.

శాతాలు తూకాన్ని పెంచుతాయి గానీ గడియారాన్ని కాదు. రెండు కిలోల ముద్ద పులిసేకొద్దీ పుట్టే వేడిని లోపలే పట్టుకుంటుంది, చిన్నముద్ద కన్నా తొందరగా పొంగుతుంది. పైగా మన మే నెల. అందుకని నేను ఈస్ట్‌ని 0.8కి దించి, నీళ్లలో ఫ్రిజ్ చల్లదనం ఉండేలా చూస్తాను. అలాగే 36 బన్నులు ఇంటి ఓవెన్‌లో ఒకే వాయికి పట్టవు. రెండో ట్రే బన్నులు ఈలోపు పొంగి కూలకుండా ఫ్రిజ్‌లో పెట్టాం.

పొద్దుపోయాక వదిన ఫోన్‌లో ఎవరో పంపిన పావ్ రెసిపీ తీసింది: మైదా 500, ఉప్పు 25. ఇరవై ఐదుని ఐదు వందలతో భాగించి, "ఐదు శాతమా? మనది రెండు కూడా లేదు కదా!" అంది. పెన్ను తీసుకుని 25 కొట్టేసి, పక్కన 9 రాసింది.